ఎలివేషన్ బొమ్మలో కిటికీలు, పిల్లర్లు లెక్క ప్రకారం రావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో చిన్న డిజైన్ ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లు, సొంతిల్లు కట్టిస్తూ ఎలివేషన్ బొమ్మలు తామే తయారు చేసుకుంటున్న ఓనర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. బొమ్మ అందంగా రావడం ఇప్పుడు కష్టం కాదు. ప్లాన్‌లో ఫ్లోరుకి నాలుగు కిటికీలుంటే బొమ్మలోనూ నాలుగే రావడం, స్టిల్ట్‌లో నాలుగు పిల్లర్లుంటే నాలుగే నిలబడడం కష్టం. ఇక్కడ మాట్లాడుకునేది మాటలు రాస్తే బొమ్మ తయారుచేసే స్టేబుల్ డిఫ్యూజన్ తరహా ఏఐ మోడల్‌తో, దాన్ని మన గీతలకు కట్టుబడేలా చేసే కంట్రోల్‌నెట్ సాయంతో చేసే పద్ధతి గురించి.

ఒక కిటికీ ఎక్కువైతే ఏమైంది? అది బొమ్మే కదా?

ఆ బొమ్మ వాట్సాప్‌లో ఓనరుకి వెళ్తుంది. ఓనరు దాన్నే కిటికీలు చేసేవాడికి, గ్రిల్ వెల్డింగ్ వాడికి పంపిస్తారు. వాళ్లు ప్లాన్ తెరిచి చూడరు, బొమ్మలో లెక్కపెట్టి కొటేషన్ ఇస్తారు. అక్కడ మొదలైన తేడా గోడ లేచాక బయటపడుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మన తెలుగు ఓనర్లలో చాలామంది వాస్తు ప్రకారం కిటికీలు సరిసంఖ్యలో ఉండాలని, ఆ సంఖ్య చివర సున్నా రాకూడదని పట్టుబడతారు. పన్నెండు కిటికీల ఇంటికి పదమూడు కిటికీల బొమ్మ చూపిస్తే ఆ రోజు మీటింగు అక్కడితో ఆగిపోతుంది. ఆ నమ్మకం మీకుందా లేదా అన్నది వేరే సంగతి. ఇల్లు వాళ్లది, లెక్క వాళ్లకు ముఖ్యం.

ప్రాంప్ట్‌లో సంఖ్య స్పష్టంగా రాసినా వేరే సంఖ్య ఎందుకొస్తుంది?

మోడల్ బొమ్మను ఒక్కో కిటికీ లెక్కపెట్టుకుంటూ గీయదు. మొత్తం బొమ్మ ఒకేసారి మసకలోంచి తేలుతుంది. మీరు రాసిన మాటలు బొమ్మ ఏ రకంగా ఉండాలో చెబుతాయి. "ఐదు" అన్న మాట "కొన్ని, మరీ ఎక్కువ కాదు" అన్నంత సూచనగానే పనిచేస్తుంది. మోడల్ నేర్చుకున్న ఫొటోల కింద ఉండే వివరణల్లో "అపార్ట్‌మెంట్ ముఖభాగం" అని ఉంటుంది గానీ "ఐదు బేలు, నాలుగు పిల్లర్లు" అని రాసేవాళ్లు అరుదు. బే అంటే ముందు గోడలో ఒక నిలువు భాగం. అందువల్ల మాటకీ లెక్కకీ మధ్య గట్టి బంధం ఏర్పడలేదు. ఒకటి, రెండు, మూడు వరకు చాలాసార్లు సరిగ్గానే వస్తాయి. సంఖ్య పెరిగేకొద్దీ నమ్మకం తగ్గుతుంది. కొత్త మోడళ్లు మాట బాగానే వింటాయి, అయినా ఐదు బేలు మూడు అంతస్తులు అనేసరికి తడబడతాయి.

పరీక్షించాలంటే మన ఊళ్లోనే విధానసౌధ ఉంది. తూర్పు ముఖద్వారం దగ్గర 40 అడుగుల గ్రానైట్ స్తంభాలు 12 ఉన్నాయి. పేరు చెప్పి బొమ్మ అడగండి, వచ్చిన ప్రతి బొమ్మలో స్తంభాలు లెక్కపెట్టండి. గుమ్మటం, మెట్లు, రాయి రంగు గుర్తుపట్టేలా ఉంటాయి. స్తంభాల సంఖ్య మాత్రం బొమ్మ బొమ్మకీ మారుతుంది. అంత ప్రసిద్ధమైన కట్టడానికే అలా ఉంటే, మారతహళ్లి సందులో మీ ఇంటి సంగతి చెప్పక్కర్లేదు.

మరి సంఖ్య ఎక్కడ చెప్పాలి?

గీతల్లో చెప్పాలి. కిటికీ ఎక్కడుందో, ఎంత వెడల్పో చూపే గీతల బొమ్మ మీరే ఇవ్వాలి. ఆ గీతలకు రంగు, మెటీరియల్, వెలుగునీడలు తొడిగే పని మోడల్‌ది. 2023లో వచ్చిన కంట్రోల్‌నెట్ చేసేది ఇదే: గీతలు, లోతు, ప్రాంతాల రంగులు లాంటి ఒక ఆధారపు బొమ్మను తీసుకుని, బొమ్మ తయారయ్యే ప్రతి దశలోనూ మోడల్‌ను ఆ ఆధారం వైపు లాగుతుంది. మీరు లెక్కపెట్టి గీస్తే మోడల్‌కి లెక్కపెట్టే అవసరమే ఉండదు.

ఒక ఇంటితో చూపించగలరా?

ముందు వైపు 30 అడుగుల వెడల్పున్న ఇల్లు తీసుకుందాం. కింద 8 అడుగుల స్టిల్ట్ పార్కింగ్, పైన 10 అడుగుల చొప్పున మూడు అంతస్తులు, ఆపైన 3 అడుగుల పిట్టగోడ. మొత్తం ఎత్తు 41 అడుగులు. ముందు గోడ ఐదు బేలు, బేకి 6 అడుగులు. నడిమి బేలో మెట్లు, దాని ముందు కింద నుంచి పైదాకా ఒకే నిలువు జాలీ. మిగతా నాలుగు బేలలో ఫ్లోరుకి ఒక్కో కిటికీ, వెడల్పు 4 అడుగులు, ఎత్తు నాలుగున్నర. అంటే 12 కిటికీలు, ఒక జాలీ. స్టిల్ట్‌లో మూడు కార్లు పట్టేలా నాలుగు పిల్లర్లు.

స్టేబుల్ డిఫ్యూజన్‌లోని ఎస్‌డీఎక్స్‌ఎల్ మోడల్‌కి 896 × 1152 పిక్సెళ్ల నిలువు బొమ్మ బాగా సరిపోతుంది. అడుగుకి 24 పిక్సెళ్లు పెడితే ఇల్లు 720 వెడల్పు, 984 ఎత్తు వస్తుంది. రెండు పక్కలా 88 పిక్సెళ్ల ఖాళీ, పైన ఆకాశం, కింద కొంచెం రోడ్డు మిగులుతాయి.

ఇక్కడ ఒక లెక్క తప్పకుండా చూసుకోవాలి. మోడల్ లోపల పనిచేసేది పిక్సెళ్ల మీద కాదు, వాటిని 8 × 8 చొప్పున కుదించిన గడుల మీద. మన 4 అడుగుల కిటికీ 96 పిక్సెళ్లు, అంటే 12 గడులు. రెండు కిటికీల మధ్య గోడ 48 పిక్సెళ్లు, ఆరు గడులు. ఈ రెండూ నిలబడతాయి. అడుగు వెడల్పు పిల్లర్ మూడే గడులు, అది అంచున ఉంది. కిటికీ ఫ్రేము రెండు అంగుళాలంటే నాలుగు పిక్సెళ్లు, గడిలో సగం. అది మోడల్ చేతిలో నిలవదు. గీసేముందే ఈ భాగహారం చేసుకుంటే ఏ సంఖ్య నిలుస్తుందో, ఏది జారుతుందో ముందే తెలిసిపోతుంది. నా అనుభవంలో ఐదారు గడుల కంటే సన్నగా ఉండి, వరసగా చాలా సార్లు వచ్చేది ఏదైనా లెక్క తప్పుతుంది. పిల్లర్లు నాలుగే కాబట్టి, దూరంగా ఉన్నాయి కాబట్టి మూడు గడులతో నెట్టుకొస్తాయి.

గీతలు దేంతో గీయాలి?

ఆటోక్యాడ్‌లో ఎలివేషన్ ఉంటే అదే వాడండి, కానీ డైమెన్షన్లు, హ్యాచింగ్, అక్షరాలు ఉన్న లేయర్లు ఆపేసి ఎగుమతి చేయండి. హ్యాచ్ గీతలు మిగిలితే ప్రతి గీతనూ మోడల్ ఒక పట్టీగానో, సన్నని కిటికీగానో అర్థం చేసుకుంటుంది. క్యాడ్ లేకపోతే చిన్న పైథాన్ కోడ్ చాలు. సంఖ్య మార్చాలన్నా ఒకటి రెండు అంకెలు మారిస్తే సరిపోతుంది. `box`కి ఇచ్చే కొలతలన్నీ అడుగుల్లోనే ఉన్నాయి:

```python
from PIL import Image, ImageDraw
S, X0, Y0 = 24, 88, 1092
im = Image.new("RGB", (896, 1152), "black")
d = ImageDraw.Draw(im)

def box(x, y, w, h):
    d.rectangle([X0 + x*S, Y0 - (y+h)*S, X0 + (x+w)*S, Y0 - y*S],
                outline="white", width=2)

box(0, 0, 30, 41)
for y in (8, 18, 28, 38):
    box(0, y, 12, 0.5)
    box(18, y, 12, 0.5)
for f in range(3):
    for b in (0, 1, 3, 4):
        box(b*6 + 1, 8 + f*10 + 2.5, 4, 4.5)
box(13, 9, 4, 28)
for i in range(4):
    box(i*29/3, 0, 1, 8)
im.save("front.png")
```

స్లాబ్ పట్టీలను నడిమి బే దగ్గర తెంచి గీశాను, గమనించండి. ఆ గీత జాలీ మీదుగా వెళ్తే ఒక్క జాలీ మూడు కిటికీలుగా విడిపోతుంది. ఎక్కడ గీత ఉంటే అక్కడ ఏదో ఒకటి మొదలవుతుందనో, ముగుస్తుందనో మోడల్ అనుకుంటుంది. అందుకే గీసిన గీతలంత జాగ్రత్తగా గీయకుండా వదిలిన గీతలనూ చూసుకోవాలి.

ఐదు బేలకి ఆరు పిల్లర్లు ఉండాలి కదా? నాలుగు పెడితే మోడల్ ఎందుకు ఒప్పుకోదు?

బేకి రెండు వైపులా పిల్లర్ ఉండే వరండా అయితే అవును, ఐదు బేలకు ఆరు పిల్లర్లు. ఈ ఒకటి తేడాని మర్చిపోయి "ఐదు బేలు, ఐదు పిల్లర్లు" అని రాసేవాళ్లు చాలామంది. అలాంటి వర్ణనను మోడల్ నెరవేర్చలేదు, ఎందుకంటే అలాంటి వరసే ఉండదు.

మన ఇంట్లో సంగతి వేరు. పైన బేలు ఆరేసి అడుగులు, కింద పిల్లర్ల మధ్య దూరం దాదాపు పది అడుగులు. కిటికీల బేలు వేరు, పిల్లర్ల బేలు వేరు. నడిమి రెండు పిల్లర్లు సరిగ్గా రెండో కిటికీ కింద ఒకటి, మూడో కిటికీ కింద ఒకటి పడతాయి. మోడల్ చూసిన ఫొటోల్లో పిల్లర్ సాధారణంగా రెండు కిటికీల మధ్య గోడ కిందకి దిగుతుంది. అందుకని అది మన పిల్లర్లను పక్కకి జరపాలని చూస్తుంది, కుదరకపోతే గోడ గీత కింద కొత్త పిల్లర్ పుట్టిస్తుంది. అలా నాలుగు ఆరవుతాయి. ఈ తప్పు ఎక్కువగా కనబడేది బెంగళూరు స్టిల్ట్ ఇళ్లలోనే.

దీనికి మందు కింది భాగాన్ని పై భాగం నుంచి విడదీయడం. 8 అడుగుల దగ్గరున్న స్లాబ్ పట్టీని అర అడుగు కాకుండా అడుగున్నర బీమ్‌గా గీయండి. మందంగా బీమ్ కనబడితే పైన లయ వేరు, కింద లయ వేరు అన్నది మోడల్‌కి సహజంగా అనిపిస్తుంది. ప్రాంప్ట్‌లో కూడా స్టిల్ట్ తెరిచి ఉందని చెప్పండి.

సెట్టింగులు ఎలా పెట్టాలి?

ముందు, కంట్రోల్‌నెట్ ఫైలు మీ మోడల్‌కి చెందినదే కావాలి. ఎస్‌డీ 1.5 కోసం చేసినది ఎస్‌డీఎక్స్‌ఎల్ మీద పనిచేయదు. గీతల బొమ్మకి అంచుల గీతలను అనుసరించే `canny` రకం తీసుకోండి.

ప్రీప్రాసెసర్, అంటే ఇచ్చిన బొమ్మలోంచి గీతలు తీసే భాగం, దగ్గర `none` పెట్టండి. ఇది చాలామంది వదిలేసే చోటు. మన బొమ్మ ఇప్పటికే నల్ల నేపథ్యం మీద తెల్ల గీతలు. దాన్ని మళ్లీ `canny` ప్రీప్రాసెసర్‌లోకి పంపితే ప్రతి గీతకీ రెండు అంచులు దొరికి, ఒక చట్రం లోపల ఇంకో చట్రం వస్తుంది. కిటికీలో కిటికీ కనబడితే కారణం ఇదే. మీ బొమ్మ తెల్ల కాగితం మీద నల్ల గీతలైతే రంగులు తిరగేసి ఇవ్వండి.

గీతల పట్టు ఎంత బలంగా ఉండాలో చెప్పే `Control Weight` 0.9 నుంచి 1.0 మధ్య మొదలుపెట్టండి. ఇది ఆటోమాటిక్1111 ప్రోగ్రాంలోని పేరు, కంఫీయూఐ ప్రోగ్రాంలో అదే `strength`. ఆ పట్టు ఏ దశ దాకా ఉండాలో చెప్పే `Ending Control Step`, అంటే కంఫీలో `end_percent`, 0.85 దగ్గర ఉంచండి. ఏది ఎక్కడుండాలన్నది తొలి దశల్లోనే తేలిపోతుంది కాబట్టి 0.4 దగ్గర ఆపినా పెద్ద కిటికీలు తమ చోట్లోనే ఉంటాయి. కానీ ఆ తరవాత దశల్లో మోడల్‌కి పగ్గం ఉండదు. ఒక కిటికీ రెండుగా చీలడం, పిల్లర్ పక్కన నీడ ఇంకో పిల్లర్‌గా మారడం అప్పుడే జరుగుతాయి. 1.0 దాకా ఉంచితే లెక్క తప్పదు గానీ గోడ కార్డుబోర్డులా, గీతలు గీతల్లాగే కనబడతాయి. అందుకే ఆ మధ్య విలువ.

ప్రాంప్ట్‌లో సంఖ్యలు రాయకండి. గీతలు చెప్పిన సంఖ్యతో అవి పోటీ పడతాయి తప్ప సాయపడవు. మెటీరియల్, వెలుగు మాత్రమే చెప్పండి:

```
front elevation of a modern Indian house, cream plaster wall,
teak frame glass windows, one vertical cement jaali over staircase,
open stilt parking with plain columns, plain parapet, soft daylight
```

ఇందులో ఉన్న `one` ఒక్కటే మినహాయింపు, జాలీని ముక్కలు చేయకుండా ఉండడానికి. `apartment building`, `rows of windows`, `grid` లాంటి మాటలు పెడితే ఖాళీ ఉన్న చోటల్లా కిటికీలు మొలుస్తాయి.

గీతల్లో లేని కిటికీ ఖాళీ గోడ మీద ఎలా పుట్టింది?

గీత ఉన్నచోట ఏదో ఉండాలని కంట్రోల్‌నెట్ గట్టిగా చెబుతుంది. గీత లేనిచోట ఏమీ ఉండకూడదని అంత గట్టిగా చెప్పదు. మన ఇంట్లో ఇలాంటి బలహీనమైన చోట్లు రెండు: పిట్టగోడ, స్టిల్ట్ వెనక గోడ. పిట్టగోడ పట్టీ వెడల్పుగా ఉంటే అందులో చిన్న వెంటిలేటర్లు వస్తాయి. స్టిల్ట్ చీకట్లో తలుపో, షట్టరో తేలుతుంది.

నెగటివ్ ప్రాంప్ట్‌లో `extra windows` అని రాయడం వల్ల పెద్దగా ఫలితం లేదు. దేనికంటే ఏది అదనమో మోడల్‌కి తెలియదు. పిట్టగోడకి పైన ఒక కోపింగ్ గీత గీసి పట్టీని సన్నబరచండి. అప్పటికీ వస్తుంటే రెండో కంట్రోల్‌నెట్‌గా సెగ్మెంటేషన్ కలపండి. అందులో ప్రతి వస్తువుకీ ఒక రంగు ఉంటుంది: ఏడీఈ20కే అనే డేటాసెట్ రంగుల్లో భవనం `180,120,120`, కిటికీ `230,230,230`. గోడంతా భవనం రంగు నింపి, పన్నెండు కిటికీలకే కిటికీ రంగు పోస్తే, మిగతాచోట గోడే ఉండాలన్న మాట కూడా చెప్పినట్టవుతుంది. దీని బలం 0.5 చాలు. రెండూ పూర్తి బలంతో పెడితే బొమ్మ బిగుసుకుపోతుంది. పై కోడ్‌లోనే `outline` బదులు ఆయా వస్తువు రంగుతో `fill` వాడితే ఈ రెండో బొమ్మ కూడా అవే కొలతలతో వస్తుంది. విడిగా చేత్తో గీస్తే రెండు పిక్సెళ్లు అటూఇటూ జరిగి కిటికీకి రెండు అంచులు కనబడతాయి.

కిటికీలు పన్నెండే వచ్చాయి, కానీ ఒకదానికి రెండు రెక్కలు, ఇంకోదానికి మూడు. ఏం చేయాలి?

పైన చెప్పిన గడి లెక్క ఇక్కడ పనికొస్తుంది. రెక్కల మధ్య ఫ్రేము అర గడి, దాన్ని ఇంత పెద్ద బొమ్మలో నిలబెట్టలేం. జాలీ రంధ్రాలూ అంతే. ఒక కిటికీని మాత్రం పెద్దగా, విడిగా తయారు చేయండి. 4 అడుగులు 768 పిక్సెళ్లయితే రెండు అంగుళాల ఫ్రేముకి 32 పిక్సెళ్లు, నాలుగు గడులు. మూడు రెక్కలు గీస్తే మూడే వస్తాయి. ఆ ఒక్క కిటికీని కుదించి పన్నెండు చోట్లా ఫొటోషాప్‌లోనో గింప్‌లోనో అతికించండి. ఆ తరవాత ఇమేజ్ టు ఇమేజ్‌లో బొమ్మ ఎంత మారాలో చెప్పే డీనాయిజ్ 0.2 పెట్టి ఒకసారి నడిపితే నీడలు కలిసిపోతాయి. నిజం ఇంట్లోనూ పన్నెండు కిటికీలు ఒకే ఫ్యాబ్రికేటర్ దగ్గర ఒకే కొలతతో చేయిస్తారు కాబట్టి, బొమ్మలో అవి ఒకేలా ఉండడంలో తప్పేమీ లేదు.

లెక్క సరిగ్గానే వచ్చింది, బొమ్మ పెద్దది చేశాక తప్పింది. ఎందుకు?

అప్‌స్కేల్ దశలో బొమ్మ మళ్లీ కొంత తయారవుతుంది. ఆటోమాటిక్1111లో హైరెస్ ఫిక్స్ డీనాయిజ్ మామూలుగా 0.7 ఉంటుంది, అది ఈ పనికి చాలా ఎక్కువ. 0.3 కంటే కిందకి దించండి.

ముక్కలుగా కోసి పెద్దది చేసే పద్ధతిలో ఇంకో చిక్కు. ప్రతి ముక్కా మొత్తం ప్రాంప్ట్‌నే చదువుతుంది. ఉత్త గోడ మాత్రమే ఉన్న ముక్కకి కూడా "కిటికీలు, జాలీ, పిల్లర్లు" అని వినిపిస్తే, అది వాటిని ఎక్కడో ఒకచోట పెట్టాలని చూస్తుంది. ఈ దశలో ప్రాంప్ట్‌ని "క్రీమ్ రంగు ప్లాస్టర్, పగటి వెలుగు" వరకు తగ్గించి, డీనాయిజ్ 0.2 దగ్గర ఉంచండి.

ఎదురుగా కాకుండా మూల నుంచి కనబడే బొమ్మ కావాలంటే?

స్కెచ్‌అప్‌లో పెట్టెలా మోడల్ చేసి, ఆ కోణం నుంచి గీతలు తీయండి. పక్క గోడ దూరం వెళ్లేకొద్దీ కిటికీలు సన్నబడతాయి. 12 గడుల కిటికీ చివరికి మూడు గడులకు చేరితే చివరి రెండు కలిసి ఒకటవుతాయి. దూరపు కిటికీకి కనీసం ఐదారు గడులు ఉండేలా కెమెరాను ముందు గోడకు దగ్గరగా తిప్పండి. ఓనరుకి మూల బొమ్మ నచ్చుతుంది గానీ, కొటేషన్లకు ఎదురు బొమ్మే పంపండి.

లెక్క సరిపోయిందో లేదో త్వరగా ఎలా చూడాలి?

కంటితో మొత్తం బొమ్మను లెక్కపెడితే మనకు కావాల్సిన సంఖ్యే కనబడుతుంది. మీ గీతల బొమ్మను తయారైన బొమ్మ మీద పెట్టి, బ్లెండ్ మోడ్ `Screen` చేయండి. నలుపు మాయమై తెల్ల గీతలు మాత్రం పైన నిలుస్తాయి. ఒక్కో ఫ్లోరు ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ రండి: ప్రతి చట్రంలో ఒకటే కిటికీ ఉందా, చట్రం బయట ఏమైనా ఉందా. రెండో ప్రశ్నే ముఖ్యం, అదనపువి అక్కడే దొరుకుతాయి. తరవాత స్టిల్ట్. పిల్లర్లను నేలకు ఆనిన చోట లెక్కపెట్టండి, పైన కాదు. పైన బీమ్ నీడల్లో ఒకటి రెండుగా కనబడుతుంది.

అన్నీ బాగున్నాయి, ఒక్క పిల్లర్ ఎక్కువ. మళ్లీ మొదటి నుంచి చేయాలా?

అక్కర్లేదు. ఆ పిల్లర్ మీద, దాని నేల నీడ మీద కూడా మాస్క్ వేసి ఇన్‌పెయింట్ చేయండి, అంటే ఆ చోటు మాత్రమే మళ్లీ గీయించండి. నీడ వదిలేస్తే మోడల్ ఆ నీడకి తగ్గ పిల్లర్‌ను మళ్లీ తెస్తుంది. `Only masked` ఎంచుకుంటే ప్రాంప్ట్‌ని కూడా ఆ చోటుకే కుదించండి: చీకటి పార్కింగ్, ఖాళీ నేల, అంతే. పాత ప్రాంప్ట్ అలాగే ఉంచితే ఆ చిన్న చోట్లో మొత్తం ఇల్లు బుల్లిగా ప్రత్యక్షమవుతుంది. కంట్రోల్‌నెట్ ఆన్‌లోనే ఉంచండి, పక్క పిల్లర్లు కదలవు.

గ్రాఫిక్స్ కార్డు లేదు, ఫోన్‌లో చాట్ లాంటి యాప్ ఒక్కటే ఉంది. కుదురుతుందా?

కొంతవరకు కుదురుతుంది. గీతల బొమ్మనే జతచేసి, గీతలు మార్చకుండా రంగులు మాత్రం వేయమని అడగండి. వట్టి మాటలతో అడిగినదానికంటే చాలా మెరుగ్గా వస్తుంది. కానీ బలం ఎంత, ఏ దశ దాకా అన్న పగ్గాలు మీ చేతిలో ఉండవు, కాబట్టి ప్రతి బొమ్మనూ పైన చెప్పినట్టు గీతలు పెట్టి సరిచూడాలి. ఒక తప్పు దిద్దమంటే ఇంకోచోట మారుస్తుంది. దిద్దిన ప్రతిసారీ పన్నెండూ మళ్లీ లెక్కపెట్టండి.

శాంక్షన్ ప్లాన్‌తో పాటు పెట్టే ఎలివేషన్‌కి మాత్రం ఈ పద్ధతులేవీ వాడకండి. అక్కడ క్యాడ్ డ్రాయింగే ఉండాలి.